ఎనిమిది శాతం, నలభై ఐదు రోజులు: డిస్ట్రిబ్యూటర్ డిమాండ్ వెనుక ఉన్న లెక్క

వనపర్తి, నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల పల్లీ పట్టీలు, మసాలా పల్లీలు, పల్లీ పొడి చేసి ప్యాకెట్లలో అమ్మే చిన్న యూనిట్లకు ఏదో ఒక రోజు ఎదురయ్యే మాట ఒకటుంది. "అన్నా, నీ మాల్ అమ్మితే నాకేం మిగుల్తలేదు. వేరే కంపెనోళ్లు ఎనిమిది ఇస్తుండ్రు, నెలన్నర దాకా పైసలు అడుగుతలేరు." చెప్పేది మహబూబ్‌నగర్‌లోనో జడ్చర్లలోనో ఉన్న డిస్ట్రిబ్యూటర్. వినేది పట్టీల యూనిట్ నడిపే మనిషి. ఆయన ముందు అప్పటికి రెండే దారులు కనిపిస్తాయి: అడిగింది ఇచ్చేయడం, లేదా ఇవ్వనని బిగుసుకోవడం. సాధారణంగా ఈ రెండింటికీ మధ్య ఏడు శాతం, ముప్పై రోజుల దగ్గర బేరం తెగుతుంది. అది దాదాపు ఎప్పుడూ తప్పు బేరమే. ఎందుకంటే డిస్ట్రిబ్యూటర్‌కు నొప్పి ఎక్కడుందో ఇద్దరిలో ఎవరూ లెక్క వేయలేదు.

మార్జిన్, అప్పు గడువు రెండు వేర్వేరు కోరికల్లా వినిపిస్తాయి. డిస్ట్రిబ్యూటర్ మనసులో మాత్రం అవి ఒకే ప్రశ్నకు రెండు కొసలు: "ఈ కంపెనీ మీద పెట్టిన నా డబ్బుకు నెలకు ఎంత వస్తోంది?" మార్జిన్ పెరిగితే వచ్చేది పెరుగుతుంది, గడువు పెరిగితే పెట్టాల్సింది తగ్గుతుంది. ఎటు నుంచి వచ్చినా ఆయనకు ఒకటే. మాల్ పంపే మనిషికి మాత్రం ఒకటి కాదు.

ఒక ఉదాహరణ తీసుకుని లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. మహబూబ్‌నగర్ డిస్ట్రిబ్యూటర్‌కు వనపర్తి యూనిట్ నెలకు 6 లక్షల రూపాయల మాల్ వేస్తోంది అనుకుందాం. ప్రస్తుతం మార్జిన్ 6 శాతం, అప్పు గడువు 15 రోజులు. లెక్క తేలిగ్గా ఉండటానికి జీఎస్టీని పక్కన పెడదాం.

ఆరు శాతం మీద డిస్ట్రిబ్యూటర్‌కు నెలకు 36 వేలు వస్తాయి. ఆయన ఆటో, డ్రైవర్, సేల్స్‌మన్, గోదాం కిరాయి ఇంకో నాలుగు కంపెనీల మాల్‌కు కూడా పనికొస్తాయి. అందులో ఈ మాల్ వాటా 24 వేలు. పగిలినవి, మెత్తబడినవి, డేట్ అయిపోయినవాటి కింద ఇంకో 4 వేలు పోతాయి. చివరికి చేతిలో మిగిలేది 8 వేలు.

ఇక పెట్టుబడి. గోదాంలో 20 రోజుల స్టాక్ ఉంటే దాని విలువ 4 లక్షలు. కిరాణా షాపుల్లో 15 రోజుల ఉద్దెర నిలిచి ఉంటే ఇంకో 3 లక్షలు. మొత్తం 7 లక్షలు. ఇందులో 15 రోజుల గడువు రూపంలో యూనిట్ ఇచ్చిన అప్పు 3 లక్షలు. కాబట్టి డిస్ట్రిబ్యూటర్ సొంత డబ్బు 4 లక్షలు.

నాలుగు లక్షల మీద నెలకు 8 వేలంటే నూటికి రెండు రూపాయలు. పాలమూరులో ఈ లెక్క ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. తెలిసినవాళ్లకు రెండు రూపాయల వడ్డీకి ఇచ్చి ఇంట్లో కూర్చున్నా ఆ డబ్బు అంతే తెస్తుంది. ఆటో తిప్పి, సేల్స్‌మన్‌ను కాపాడుకుని, షాపుల చుట్టూ వసూళ్లకు తిరిగి చివరికి వడ్డీ అంత మిగిలితే "ఏం మిగుల్తలేదు" అనడం అబద్ధం కాదు. అబద్ధమేమో అనే అనుమానంతోనే చాలామంది మాట మొదలుపెడతారు, అక్కడే పేచీ పెరుగుతుంది.

అయితే ఆయన అడిగింది అడిగినట్టు ఇస్తే ఏమవుతుందో కూడా అదే లెక్క చెబుతుంది. ఎనిమిది శాతమైతే ఆయనకు నెలకు మిగిలేది 20 వేలు. నలభై ఐదు రోజుల గడువంటే యూనిట్ ఇచ్చిన అప్పు 9 లక్షలవుతుంది. ఆయన వ్యాపారంలో ఈ మాల్ కోసం చిక్కుకున్న డబ్బే 7 లక్షలు. అంటే స్టాక్, మార్కెట్ బాకీ మొత్తం యూనిట్ డబ్బుతోనే నడవగా, పైన ఇంకో 2 లక్షలు ఆయన దగ్గర ఖాళీగా ఉంటాయి.

ఆ 2 లక్షలు ఎక్కడికి పోతాయన్నదే అసలు సంగతి. సబ్బులు, టీ పొడి, బిస్కెట్ల పెద్ద కంపెనీలు చాలావరకు డిస్ట్రిబ్యూటర్ దగ్గర డబ్బు ముందే తీసుకుంటాయి, లేదంటే వారం పది రోజుల్లో వసూలు చేసుకుంటాయి. అక్కడ బేరం నడవదు. ఆ సరుకు లేకపోతే షాపువాడు లోపలికే రానివ్వడు కాబట్టి డిస్ట్రిబ్యూటర్ కట్టి తీరాలి. ఆ డబ్బు సర్దుబాటు ఎక్కడో చేసుకోవాలి. గట్టిగా అడగలేని చిన్న కంపెనీ దగ్గర చేసుకుంటాడు. వనపర్తి పట్టీల యూనిట్ తనకు తెలియకుండానే ఒక పెద్ద కంపెనీ బిస్కెట్లకు అడ్వాన్స్ కడుతున్నట్టు లెక్క. గడువు ఎంత అడిగారన్నది చూస్తే ఈ విషయం తేలిపోతుంది: స్టాక్ రోజులు, ఉద్దెర రోజులు కలిపిన దానికంటే ఎక్కువ అడిగితే ఆ ఎక్కువ భాగం ఈ మాల్ కోసం కాదు.

ఇచ్చేవాళ్లకు పడే ఖర్చు

యూనిట్ వైపు నుంచి చూస్తే రెండు శాతం అదనపు మార్జిన్ అంటే నెలకు 12 వేలు. ముప్పై రోజుల అదనపు గడువు అంటే ఇంకో 6 లక్షలు బయట నిలిచిపోవడం. బ్యాంకు క్యాష్ క్రెడిట్, అంటే సీసీ ఖాతాలో ఏటా 12 శాతం వడ్డీ పడుతుంటే నెలకు 6 వేలు. సీసీ లిమిట్ నిండిపోయి బయట రెండు రూపాయలకు తెస్తే 12 వేలు. మొత్తం కలిపి నెలకు 18 నుంచి 24 వేలు. ఈ వ్యాపారం మీద యూనిట్‌కు మిగిలేది 8 శాతం, అంటే 48 వేలు అయితే, అందులో మూడో వంతు పైనుంచి సగం దాకా పోయినట్టు. పది రూపాయల ప్యాకెట్ కాబట్టి ధర పెంచి రాబట్టుకునే దారి కూడా లేదు. గ్రాములు తగ్గించాలి, అది షాపువాడికీ కొనేవాడికీ వెంటనే తెలిసిపోతుంది.

రూపాయల్లో చూస్తే గడువే చవకగా కనిపిస్తుంది. ఇక్కడే జాగ్రత్త పడాలి. మార్జిన్ ఇస్తే పోయేది ఆ నెల లాభంలో కొంత. గడువు ఇస్తే ప్రమాదంలో పడేది అసలు. బయట 3 లక్షలున్నప్పుడు డిస్ట్రిబ్యూటర్ చేతులెత్తేస్తే ఆరు నెలల లాభం పోతుంది. తొమ్మిది లక్షలుంటే పందొమ్మిది నెలల లాభం పోతుంది. దానికితోడు కాలం. ఈ ప్రాంతంలో యాసంగి పల్లీ మార్కెట్ యార్డులకు వచ్చేది జనవరి నుంచి మార్చి దాకా. ఏడాదికి సరిపడా మంచి పల్లీ అప్పుడే పట్టుకోవాలి, అక్కడ నెలన్నర ఉద్దెర ఎవరూ ఇవ్వరు. సంక్రాంతికి వేసిన మాల్ డబ్బు మార్చిలో చేతికొస్తే, పల్లీ కొనాల్సిన నెలలో జేబు ఖాళీ. జీఎస్టీ సంగతీ ఇంతే: నెలనెలా రిటర్న్ వేసేవాళ్లు ఈ నెల బిల్లుల మీద పన్నును వచ్చే నెల 20వ తేదీ లోపు కట్టాలి, డిస్ట్రిబ్యూటర్ డబ్బు ఇచ్చాడా లేదా అని ఎవరూ అడగరు. నెలాఖరులో వేసిన బిల్లుకు 45 రోజుల గడువు ఇస్తే రాని డబ్బు మీద ముందే పన్ను కట్టినట్టు.

మార్జిన్‌కు మరో గుణం ఉంది. ఒకసారి ఇస్తే వెనక్కి రాదు, ఒకచోట ఆగదు. నాగర్‌కర్నూల్ డిస్ట్రిబ్యూటర్‌కు నెల తిరగకముందే తెలుస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు, పెరిగిన రెండు శాతం డిస్ట్రిబ్యూటర్ జేబులో ఉండకపోవచ్చు. టార్గెట్ కోసమో, త్వరగా డబ్బు చేసుకోవడానికో అందులో ఒకటిన్నర శాతం హోల్‌సేలర్‌కు వదిలేస్తాడు. ఆ హోల్‌సేలర్ మాల్ షాద్‌నగర్‌లోనో కల్వకుర్తిలోనో తక్కువ రేటుకు తేలుతుంది, అక్కడి డిస్ట్రిబ్యూటర్ "నా రేటుకంటే తక్కువకు బజార్లో దొరుకుతోంది" అని ఫోన్ చేస్తాడు. ఇప్పుడు ఆయనకూ మార్జిన్ పెంచాలి. కార్టన్ మీద ఎవరికి పంపిన మాలో తెలిసేలా చిన్న కోడ్ వేసుకుంటే ఈ కథ ఎక్కడ మొదలైందో పట్టుకోవచ్చు. చాలా చిన్న యూనిట్లు ఈ ఒక్క పనిని వాయిదా వేస్తూ పోతాయి.

గోదాంలో ఏముందో చూడటం

బేరానికి కూర్చునే ముందు ఒక పూట డిస్ట్రిబ్యూటర్ గోదాంలో, ఇంకో పూట ఆయన సేల్స్‌మన్ వెంట బీట్‌లో, అంటే అతను ఆర్డర్లకు తిరిగే షాపుల వరుసలో గడపాలి. తెలుసుకోవాల్సింది రెండే: ఏ ఐటెం ఎన్ని రోజుల స్టాక్ ఉంది, మార్కెట్ బాకీ ఎన్ని రోజులది. మొత్తం స్టాక్ విలువ అడిగి ఊరుకుంటే ఏమీ తెలియదు, ఐటెం వారీగా చూడాలి.

మన ఉదాహరణలో 4 లక్షల స్టాక్‌ను విడదీస్తే తరచూ కనిపించే బొమ్మే కనిపిస్తుంది. పది రూపాయల పల్లీ పట్టీ మూడు రోజులకు సరిపడా కూడా లేదు, న్యూ టౌన్ వైపు షాపుల్లో రెండు వారాలుగా అడుగుతున్నా అందడం లేదు. యాభై రూపాయల నువ్వుల పట్టీ, పెద్ద ప్యాక్ పల్లీ పొడి మాత్రం గోడ పొడవునా పేర్చి ఉన్నాయి, కొన్నింటికి డేట్ ఇంకో ఆరు వారాలే. అవి అక్కడికి ఎలా వచ్చాయి? గత రెండు నెలల చివరి వారం బిల్లులు చూస్తే తెలుస్తుంది: యూనిట్ తన నెల లెక్క నింపుకోవడానికి "ఈ రెండు పెట్టెలు కూడా వేస్కో అన్నా" అని నెట్టిన మాల్ అది. డిస్ట్రిబ్యూటర్ డబ్బు ఇరుక్కున్నది అక్కడ. ఆయన దానికి 45 రోజుల గడువు అని పేరు పెట్టాడు.

దీనికి మందు మార్జిన్ కాదు. కదలని మాల్‌లో డేట్ బాగున్న వరకు వెనక్కి తీసుకుని అదే విలువకు పది రూపాయల పట్టీలు ఇవ్వాలి. మూడు వారాలకోసారి లోడ్ పంపే పద్ధతి మాని వారానికి రెండుసార్లు చిన్న లోడ్ పంపాలి. వనపర్తి నుంచి మహబూబ్‌నగర్ పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగి రాగల దూరమే కాబట్టి ఇది సాధ్యం. హైదరాబాద్ కంపెనీకి ఇంత సులువు కాదు, స్థానిక యూనిట్‌కు ఉన్న బలం ఇదే. స్టాక్ 20 రోజుల నుంచి 12 రోజులకు దిగితే అందులోని డబ్బు 4 లక్షల నుంచి 2 లక్షల 40 వేలకు తగ్గుతుంది. డిస్ట్రిబ్యూటర్ సొంత పెట్టుబడి కూడా 4 లక్షల నుంచి 2 లక్షల 40 వేలవుతుంది. మార్జిన్ పైసా పెంచకపోయినా ఆయన రాబడి రెండు రూపాయల నుంచి మూడు రూపాయల ముప్పై పైసలకు ఎక్కుతుంది.

దానిమీద అర శాతం అదనంగా ఇవ్వొచ్చు, ఒక షరతుతో: నెలలోని బిల్లులన్నీ 15 రోజుల లోపు క్లియర్ అయితేనే. ఒక్క బిల్లు ఆగినా ఆ నెలకు అది లేదు. ఇది ఆయనకు 3 వేలు. నెలకు 11 వేలు, 2 లక్షల 40 వేల పెట్టుబడి మీద నూటికి నాలుగున్నర రూపాయల పైనే. యూనిట్‌కు అయ్యే ఖర్చు ఆ 3 వేలు, అదనపు ట్రిప్పుల డీజిల్ ఓ 5 వేలు. పద్దెనిమిది, ఇరవై నాలుగు వేల చోట 8 వేలు. ఈ అర శాతాన్ని బిల్లులో తగ్గించి ఇవ్వకూడదు, నెల ముగిశాక విడిగా ఇవ్వాలి. బిల్లులో ఇస్తే మూడో నెలకు అది హక్కవుతుంది. క్రెడిట్ నోట్ ఎలా రాయాలో, జీఎస్టీలో దాన్ని ఎలా చూపాలో ముందే ఆడిటర్‌ను అడగడం మంచిది.

ఇక్కడ డిస్ట్రిబ్యూటర్ ఒక మాట అంటాడు, అది న్యాయమైనదే. "వడ్డీ లెక్కలు బాగనే ఉన్నయ్. గని నెలకు పదకొండు వేలే కదా నాకొచ్చేది." శాతాలతో ఇల్లు గడవదు. దీనికి నిజాయతీగా ఇవ్వగల జవాబు, విడుదలైన 1 లక్షా 60 వేలు ఇంకో చోట పెట్టుకోవచ్చని, పది రూపాయల పట్టీ ఆగకుండా అందితే అమ్మకం పెరుగుతుందని. రెండోది చేసి చూపించాలి, మాటతో నమ్మడు. అసలు నెల వ్యాపారమే 2 లక్షలైతే ఈ లెక్క ఏదీ పనిచేయదు. ఆరు శాతమైనా ఎనిమిది శాతమైనా సేల్స్‌మన్ జీతం కూడా రాదు. అలాంటి చోట, ఉదాహరణకు కొత్తగా అడుగుపెట్టిన నల్గొండలో, శాతం గురించి వాదించే బదులు ఆరు నెలలు సేల్స్‌మన్ జీతంలో సగం యూనిట్ భరించడం మేలు. ఆ ఖర్చుకు ఒక ముగింపు తేదీ ఉంటుంది, మార్జిన్‌కు ఉండదు.

గడువు ఇవ్వాల్సి వస్తే

ఎప్పుడూ ఇవ్వొద్దని కాదు. పల్లెల్లో కిరాణా ఉద్దెర పంట డబ్బుతో ముడిపడి ఉంటుంది. వడ్లు, పత్తి డబ్బులు రాని ఆగస్టు, సెప్టెంబర్‌లలో షాపువాడే ఇబ్బందిలో ఉంటాడు, డిస్ట్రిబ్యూటర్ బాకీ 15 రోజుల నుంచి 25 రోజులకు పోతుంది. ఆ రెండు నెలలకు ఇంకో పది రోజులు ఇవ్వడంలో అర్థం ఉంది, అక్టోబర్ నుంచి మళ్లీ పాత గడువే అని రాసుకుంటే. దీపావళి తర్వాత జరిగే కురుమూర్తి జాతరకు అదనంగా వేసే మాల్ కూడా ఇలాంటిదే. ఆ ఒక్క బిల్లుకు నెల గడువు ఇవ్వొచ్చు, మిగతా బిల్లులకు అది అంటకుండా చూడాలి.

రోజుల్లో ఇచ్చే గడువుకంటే రూపాయల్లో పెట్టే లిమిట్ గట్టిది. "పదిహేను రోజులు, ఎప్పుడైనా మూడున్నర లక్షలకు మించకుండా" అంటే ఆర్డర్ పెరిగినప్పుడు డబ్బు కూడా ముందుకు రావాలి. దీనికి తోడు బిల్ టు బిల్ పద్ధతి: వచ్చిన డబ్బు ఏ బిల్లుకు అన్నది చెప్పాలి, పాతది తీరాకే కొత్తది. చాలా ఖాతాలు చెడేది ఇక్కడే. యాభై వేలు, లక్ష అంటూ గుండు అంకెలు జమ అవుతుంటాయి, చూడటానికి డబ్బు వస్తున్నట్టే ఉంటుంది. బిల్లుల వారీగా చూస్తే డ్యామేజీ క్లెయిమ్ పేరుతో నాలుగు నెలల కిందటి బిల్లు అలాగే వేలాడుతుంటుంది.

కంగారు పడాల్సిన లక్షణం డబ్బు ఆలస్యం కావడం ఒక్కటే కాదు. డబ్బు ఆలస్యమవుతూ ఆర్డర్లు పెరగడం. ఎప్పుడూ వద్దనే యాభై రూపాయల నువ్వుల పట్టీని కూడా ఈసారి మాట్లాడకుండా తీసుకోవడం. అలాంటప్పుడు మాల్ బీట్‌లోకి పోవడం లేదని, బేగంబజార్‌లోనో మరోచోటో కొన్న రేటుకంటే తక్కువకు నగదుగా మారుతోందని అనుమానించాలి. ఇంకో కంపెనీకి కట్టాల్సిన డబ్బు అలా పుడుతోంది. ఆ నెల మార్జిన్ గురించి మాట్లాడటం దండగ, మాల్ ఆపడమే పని.

చట్టం వైపు నుంచి ఒక ఆసరా ఉంది. 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న తరహా ఉత్పత్తిదారుడికి కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులకు మించకుండా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్నులోనూ దీనికి ముడి పడింది: గడువు దాటినా చెల్లించని కొనుగోలును, చెల్లించే ఏడాది వరకు ఖర్చుగా చూపుకోనివ్వరు. అందుకే మార్చి నెలలో డిస్ట్రిబ్యూటర్ ఆడిటరే "ఆ పట్టీలోళ్ల బాకీ కట్టెయ్" అని చెప్పే అవకాశం ఉంది. దీనికి యూనిట్‌కు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మాల్ వేయకముందే ఉండాలి, ఆ నంబర్ ప్రతి బిల్లు మీదా వేసుకోవడం మంచిది. నలభై ఐదు రోజులు అడిగిన డిస్ట్రిబ్యూటర్ చట్టం ఒప్పుకునే చివరి గీత దగ్గర మొదలుపెడుతున్నాడని కూడా దీంతో అర్థమవుతుంది. అక్కడి నుంచి ఒక వారం జారినా గీత దాటినట్టే. ఈ చట్టం కింద బాకీల ఫిర్యాదులు తీసుకునే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు పోవడం మాత్రం సంబంధం తెగిపోయాక చేసే పని. అదే ఊళ్లో రేపు ఇంకో డిస్ట్రిబ్యూటర్‌ను వెతుక్కోవాలి, ఆయన కూడా అదే అసోసియేషన్‌లో ఉంటాడు.

ఈ బేరంలో ఎవరి మాట నెగ్గుతుందన్నది చివరికి షాపులు ఎవరికి తెలుసన్న దాని మీద ఆధారపడుతుంది. మహబూబ్‌నగర్, జడ్చర్ల, దేవరకద్రలలో ఏ షాపు నెలకు ఎన్ని జార్లు తీసుకుంటుందో డిస్ట్రిబ్యూటర్ సేల్స్‌మన్ పుస్తకంలోనే ఉంటే, ఆయన వెళ్లిపోతే వ్యాపారమూ వెళ్లిపోతుంది. అప్పుడు ఎనిమిది శాతం కాదు, పది అడిగినా ఇవ్వాల్సిందే. యూనిట్ తన మనిషిని ఒకరిని పెట్టి ఆర్డర్లు తానే రాయించుకుని, డెలివరీ, వసూలు మాత్రం డిస్ట్రిబ్యూటర్‌కు వదిలితే షాపుల లిస్టు తన దగ్గరుంటుంది. రెండో డిస్ట్రిబ్యూటర్‌కు జడ్చర్ల వైపు బీట్‌లు విడిగా ఇవ్వడం కూడా అప్పుడే కుదురుతుంది. లిస్టు లేకుండా ఆ బెదిరింపు చేస్తే అవతలి మనిషి నవ్వుకుంటాడు.

మాట్లాడటానికి పోయే వారం ముందు ఇంకో చిన్న పని మిగిలి ఉంటుంది. ఆ రోజు వరకు ఉన్న బాకీ, పెండింగ్ క్లెయిమ్‌లు రెండూ కనిపించేలా ఖాతా స్టేట్‌మెంట్ పంపి, సరిపోయిందని ఆయన సంతకం, స్టాంప్ తీసుకోవడం. మామూలు రోజుల్లో అది ఐదు నిమిషాల పని. బేరం చెడ్డాక అదే సంతకానికి నెలలు తిరగాల్సి వస్తుంది, అప్పటికి క్లెయిమ్‌ల మొత్తం కూడా ఎక్కడినుంచో పెరిగి ఉంటుంది.